క్వాలిటీయా, బ్యాలెన్స్‌డా, పెర్ఫార్మెన్సా? ముందు మీ స్క్రీన్ ఎంతో చెప్పండి

మా పిన్ని కొడుకుది 1080p ల్యాప్‌టాప్. నాది 27 అంగుళాల 1440p మానిటర్. ఇద్దరం ఒకే గేమ్‌లో ఒకే సెట్టింగ్ పెట్టాం, అప్‌స్కేలింగ్ ఆన్ చేసి క్వాలిటీ మోడ్. రెండు రోజుల తర్వాత వాడు ఫోన్ చేసి, "అన్నా, నువ్వు చెప్పావని పెట్టాను, కళ్లద్దాలు తీసేసి ఆడుతున్నట్టుంది" అన్నాడు. నా స్క్రీన్ మీద చూస్తే నాకు తేడా పట్టుకోవడమే కష్టంగా ఉంది. వాడు అబద్ధం చెప్పట్లేదు, నా కళ్లూ బాగానే ఉన్నాయి. మెనూలో కనబడే ఆ "క్వాలిటీ" అన్న మాట వాడి దగ్గర ఒకటి, నా దగ్గర ఇంకొకటి. ఈ గొడవంతా అక్కడే ఉంది.

అప్‌స్కేలింగ్ అంటే గేమ్ బొమ్మను చిన్న సైజులో గీసి, దాన్ని మీ స్క్రీన్ సైజుకి పెంచి చూపించడం. చిన్నగా గీస్తే జీపీయూకి పని తగ్గుతుంది, ఎఫ్‌పీఎస్ పెరుగుతుంది. పెంచేటప్పుడు ఎంత నీట్‌గా పెంచారన్నదే షార్ప్‌నెస్. మోడ్ పేరు చెప్పేది ఎంత శాతంలో గీయాలో మాత్రమే, ఎన్ని పిక్సెళ్లు గీయాలో కాదు. జీతంలో మూడో వంతు కోసుకుంటాం అంటే లక్ష తెచ్చుకునేవాడికీ పదిహేను వేలు తెచ్చుకునేవాడికీ ఒకేలా తగలదు కదా, ఇదీ అంతే.

ఎంచుకునే ముందు చూడాల్సినవి

మొదటిది, లోపల అసలు గీస్తున్న రిజల్యూషన్. మిగతావన్నీ దీని తర్వాతే.

రెండోది, ఏ పద్ధతిలో పెంచుతున్నారు. ఇవి రెండు జాతులు. ఒకటి ఒక్క ఫ్రేమ్‌ని మాత్రమే చూసి పెంచుతుంది. మామూలు రెండర్ స్కేల్ స్లయిడరూ, 2021లో వచ్చిన ఏఎమ్‌డీ వాళ్ల మొదటి ఎఫ్‌ఎస్‌ఆరూ ఈ జాతివి. రెండోది పాత ఫ్రేమ్‌లను గుర్తుపెట్టుకుని వాటిలోని వివరాలను కూడా కలుపుతుంది. ఎన్విడియా వాళ్ల డీఎల్‌ఎస్‌ఎస్ 2 నుంచి, ఎఫ్‌ఎస్‌ఆర్ 2 నుంచి, ఇంటెల్ వాళ్ల ఎక్స్‌ఈఎస్‌ఎస్, ఇవన్నీ ఈ జాతి. ఎఫ్‌ఎస్‌ఆర్ 1, ఎఫ్‌ఎస్‌ఆర్ 2 పేర్లు అన్నదమ్ముల్లా ఉన్నా లోపల సంబంధమే లేదు.

మూడోది, అప్‌స్కేలింగ్ లేకుండా మీకు ఎంత ఎఫ్‌పీఎస్ వస్తోంది, అంతకంటే పెరగకుండా ఆపే అడ్డు జీపీయూ దగ్గరుందా సీపీయూ దగ్గరుందా. సీపీయూ దగ్గరుంటే ఈ మోడ్‌లేవీ పని చేయవు. దీని సంగతి కింద లెక్క వేసి చూపిస్తాను.

నాలుగోది, స్క్రీన్ ఎంత పెద్దది, ఎంత దూరం నుంచి చూస్తున్నారు. ఇది చాలామంది వదిలేస్తారు.

లోపల గీసేది ఎంత

డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ రెండూ దాదాపు ఒకే నిష్పత్తులు వాడతాయి. క్వాలిటీలో వెడల్పు, ఎత్తు ఒక్కొక్కటీ 67 శాతం. బ్యాలెన్స్‌డ్‌లో 58 లేదా 59, పెర్ఫార్మెన్స్‌లో 50, అల్ట్రా పెర్ఫార్మెన్స్‌లో 33. బ్యాలెన్స్‌డ్ దగ్గర అంకెలు గేమ్‌ను బట్టి కాస్త అటూ ఇటూ అవుతాయి.

| మోడ్ | 1080p స్క్రీన్ | 1440p స్క్రీన్ | 4K స్క్రీన్ |
|---|---|---|---|
| క్వాలిటీ | 1280×720 | 1706×960 | 2560×1440 |
| బ్యాలెన్స్‌డ్ | 1129×635 | 1506×847 | 2259×1270 |
| పెర్ఫార్మెన్స్ | 960×540 | 1280×720 | 1920×1080 |
| అల్ట్రా పెర్ఫార్మెన్స్ | 640×360 | 853×480 | 1280×720 |

ఇందులో 1280×720 మూడు చోట్ల ఉంది చూడండి. 1080pలో క్వాలిటీ, 1440pలో పెర్ఫార్మెన్స్, 4Kలో అల్ట్రా పెర్ఫార్మెన్స్, మూడింటిలోనూ జీపీయూ గీసేది అదే 9.2 లక్షల పిక్సెళ్లు. మా తమ్ముడు క్వాలిటీ అనుకుని ఆడుతున్నది నా మానిటర్‌లో అయితే పెర్ఫార్మెన్స్ అన్నమాట. నేను నా క్వాలిటీలో 16.4 లక్షల పిక్సెళ్లు చూస్తూ వాడికి సలహా ఇచ్చాను.

ఇంకొకటి. శాతాలు చూసి మోసపోవద్దు, అవి ఒక్కో వైపు లెక్క. 50 శాతం అంటే పిక్సెళ్లు సగం కాదు, పావు వంతు. క్వాలిటీ 67 శాతం అంటే పిక్సెళ్లలో 44 శాతమే. సగానికి పైగా పని క్వాలిటీలోనే పోయింది, అందుకే ఎఫ్‌పీఎస్‌లో పెద్ద గెంతు అక్కడే వస్తుంది. తర్వాత మెట్లు దిగేకొద్దీ లాభం తగ్గుతుంది, మసక మాత్రం పెరుగుతూ పోతుంది.

ఎక్స్‌ఈఎస్‌ఎస్ దగ్గర ఇంకో తిరకాసు ఉంది. 2024లో వచ్చిన 1.3 వెర్షన్ నుంచి వాళ్లు పేర్లన్నీ ఒక మెట్టు జరిపారు. అందులో క్వాలిటీ అంటే పక్కవాళ్ల బ్యాలెన్స్‌డ్ నిష్పత్తి, బ్యాలెన్స్‌డ్ అంటే పక్కవాళ్ల పెర్ఫార్మెన్స్. "ఎక్స్‌ఈఎస్‌ఎస్ క్వాలిటీలో ఎఫ్‌పీఎస్ ఎక్కువొస్తోంది" అని ఎవరైనా అంటే, రావాలి మరి, గీసేదే తక్కువ. రెంటినీ పోల్చాలంటే అక్కడ అల్ట్రా క్వాలిటీ పెట్టి, ఇక్కడ క్వాలిటీ పెట్టి చూడాలి.

స్లయిడర్ సంగతి

రెండర్ స్కేల్ స్లయిడర్ అందరికంటే పాతది, అందరికంటే మొద్దు. 100 నుంచి 80కి లాగితే గేమ్ 80 శాతంలో గీసి, దాన్ని సాగదీసి స్క్రీన్ నింపుతుంది. పోయిన వివరాలు పోయినట్టే, వెనక్కి తెచ్చేవాళ్లు ఎవరూ లేరు. అయినా డిస్‌ప్లే రిజల్యూషన్ తగ్గించడం కంటే ఇది నయం. ఎందుకంటే చాలా గేముల్లో మ్యాప్, అక్షరాలు, హెల్త్ బార్ పూర్తి రిజల్యూషన్‌లోనే ఉంటాయి, లోపలి బొమ్మ ఒక్కటే మసకబారుతుంది.

దీన్ని వాడేటప్పుడు 85 దాకా పర్లేదు అంటాను. 85 దగ్గర పిక్సెళ్లలో 28 శాతం తగ్గుతాయి, కంటికి పెద్దగా తెలియదు. 70కి వచ్చేసరికి సగం పిక్సెళ్లు పోతాయి, దూరంలో ఉన్న మనిషి తల ముద్దలా అవుతుంది. అక్కడికి దిగాల్సి వస్తే డీఎల్‌ఎస్‌ఎస్సో ఎఫ్‌ఎస్‌ఆర్ 2 తర్వాతదో ఉందేమో చూసి దానికి మారిపోవడమే మంచిది. స్లయిడర్ 67 దగ్గర పెట్టిన బొమ్మనూ అదే నిష్పత్తిలో నడిచే క్వాలిటీ మోడ్‌నూ పక్కపక్కన పెడితే రెంటికీ పోలికే ఉండదు. కొన్ని గేముల్లో స్లయిడర్ శాతం ఒక్కో వైపుకి కాకుండా మొత్తం పిక్సెళ్లకి లెక్కేస్తారు, కాబట్టి ఒక గేమ్‌లో నచ్చిన అంకె ఇంకో గేమ్‌లో అలాగే ఉంటుందని అనుకోకండి.

నేను చేసిన వెధవ పని ఒకటి చెప్తాను. ఒక గేమ్‌లో స్లయిడర్‌ని 80లో పెట్టి మర్చిపోయి, తర్వాత పైనుంచి క్వాలిటీ మోడ్ ఆన్ చేశాను. చాలా గేములు మోడ్ ఆన్ చేయగానే స్లయిడర్‌ని తాళం వేసేస్తాయి, ఇది వేయలేదు. రెండూ గుణించుకున్నాయి, 80లో 67 శాతం అంటే 53. పేరుకి క్వాలిటీ, లోపల పెర్ఫార్మెన్స్‌కి పక్కింట్లో. మూడు రోజులు డ్రైవర్‌ని తిట్టుకున్నాను. మోడ్ పెట్టే ముందు స్లయిడర్ 100లో ఉందో లేదో చూసుకోండి.

స్లయిడర్‌కి మిగిలిన మంచి ఉపయోగం రివర్స్‌లో ఉంది. జీపీయూకి ఖాళీ ఉన్న పాత గేమ్‌లో 120 పెడితే 44 శాతం ఎక్కువ పిక్సెళ్లు గీసి కుదిస్తుంది, అంచులు నున్నగా వస్తాయి.

పాత ఫ్రేమ్‌ల మీద బతికే మోడ్‌లు

ఇవి ఎలా పని చేస్తాయో కొంచెం తెలిస్తే, ఎక్కడ దెబ్బతింటాయో దానంతట అదే అర్థమవుతుంది. ప్రతి ఫ్రేమ్‌లో కెమెరాని పిక్సెల్ కంటే తక్కువ దూరం అటూ ఇటూ కదిపి గీస్తారు. అలా ఒక్కో ఫ్రేమ్ బొమ్మలో కొంచెం వేరే చోటుని పట్టుకుంటుంది. అవన్నీ పోగేస్తే పెద్ద రిజల్యూషన్‌కి సరిపడా వివరం దొరుకుతుంది. ఎఫ్‌ఎస్‌ఆర్ 2లో ఈ కదిలే చోట్ల వరుస క్వాలిటీలో 18 ఫ్రేమ్‌లది, పెర్ఫార్మెన్స్‌లో 32, అల్ట్రా పెర్ఫార్మెన్స్‌లో 72. చిన్నగా గీసేకొద్దీ ఎక్కువ ఫ్రేమ్‌లు పోగేయాలి మరి.

ఇప్పుడు దీన్ని మీ ఎఫ్‌పీఎస్‌తో కలిపి చూడండి. 100 ఎఫ్‌పీఎస్‌లో పెర్ఫార్మెన్స్ మోడ్ వరుస ఒకసారి పూర్తి కావడానికి సెకనులో మూడో వంతు చాలు. 30 ఎఫ్‌పీఎస్‌లో అదే వరుసకి సెకను పైనే పడుతుంది, ఈలోపు మీరు తల తిప్పేశారు, సీన్ మారిపోయింది, పోగేసిందంతా చాలావరకు పారేయాలి. అందుకే ఎఫ్‌పీఎస్ బాగా తక్కువగా ఉన్న మెషీన్ మీద ఈ మోడ్‌లు ఇంకా అసహ్యంగా కనబడతాయి. ఎవరికైతే బాగా అవసరమో వాళ్లకే తక్కువ పనికొస్తాయి, అదో చిత్రం. 25 ఎఫ్‌పీఎస్ వస్తున్నవాళ్లు ముందు నీడలు, వాల్యూమెట్రిక్ ఫాగ్, రే ట్రేసింగ్ తగ్గించుకుని 40 దాకా తెచ్చుకుని, అప్పుడు అప్‌స్కేలింగ్ వైపు రావాలి.

ఇక దెబ్బతినే చోట్లు. కరెంటు తీగలు, కంచె జాలీ, చెట్ల ఆకులు, దూరంలో ఇనుప రెయిలింగులు. ఇవి లోపలి రిజల్యూషన్‌లో ఒక పిక్సెల్ కంటే సన్నగా ఉంటాయి, ఒక ఫ్రేమ్‌లో ఉంటాయి, ఇంకో ఫ్రేమ్‌లో ఉండవు, అందుకని మిణుకుమిణుకుమంటాయి. రెండోది, పరిగెత్తే మనిషి వెనకాల కనబడే తోక. మూడోది వాన చినుకులు, నిప్పురవ్వలు. ఇవి ఎటు కదులుతున్నాయో చాలా గేములు అప్‌స్కేలర్‌కి చెప్పవు, అందుకే అవి చెరిపేసినట్టో సాగినట్టో కనబడతాయి.

వీటిని పట్టుకోవాలంటే కదలాలి. స్క్రీన్‌షాట్ తీసి పోల్చడం దండగ, నిలబడి ఉన్నప్పుడు ఏ మోడ్ అయినా తీరుబడిగా ఫ్రేమ్‌లు పోగేసుకుని అందంగా తయారవుతుంది. ఒక జాలీ కంచె పక్కన నిలబడి ఎడమకీ కుడికీ జరగండి, తర్వాత పొదల ముందు కెమెరాని మెల్లగా తిప్పండి, అర నిమిషంలో తెలిసిపోతుంది. యూట్యూబ్‌లో పోలిక వీడియోలు చూసి నిర్ణయించుకోవడం కూడా అనుమానమే, వాళ్ల కంప్రెషనే సగం వివరాన్ని తినేస్తుంది, అన్ని మోడ్‌లూ ఒకేలా కనబడతాయి.

నిలబడి ఉన్నా కూడా నేల, గోడలు దూరంలో మసగ్గా ఉన్నాయంటే అది వేరే జబ్బు. లోపలి రిజల్యూషన్ తగ్గినప్పుడు గేమ్ దానికి తగ్గట్టు చిన్న టెక్స్‌చర్ బొమ్మల్ని ఎంచుకుంటుంది. అప్‌స్కేలింగ్ ఆన్‌లో ఉన్నప్పుడు అలా చేయకుండా పెద్దవే తీసుకోమని గేమ్ తయారుచేసినవాళ్లు చెప్పాలి, కొందరు మర్చిపోతారు. దానికి మోడ్ మార్చినా ఉపయోగం తక్కువ, అనైసోట్రోపిక్ ఫిల్టరింగ్ 16లో పెడితే నేల వరకు కాస్త తేరుకుంటుంది. షార్ప్‌నెస్ స్లయిడర్‌ని పూర్తిగా పైకి లాగడం చాలామంది చేసే పని. లేని వివరం దాంతో రాదు, అంచుల చుట్టూ తెల్లగీతలు వస్తాయి, ఆకుల మిణుకు రెట్టింపవుతుంది. 20, 30 దగ్గర ఆపండి.

ఒక లెక్క

ఇవి ఊహించుకున్న అంకెలే, కానీ తీరు మాత్రం నిజంగా ఇలాగే ఉంటుంది. 1440pలో ఒక ఫ్రేమ్‌కి జీపీయూ 22 మిల్లీసెకన్లు తీసుకుంటోంది, అంటే 45 ఎఫ్‌పీఎస్. అందులో 4 మిల్లీసెకన్ల పని రిజల్యూషన్‌తో సంబంధం లేనిది అనుకుందాం, షాడో మ్యాపుల్లాంటివి. మిగతా 18 పిక్సెళ్లను బట్టి మారేది. అప్‌స్కేల్ చేయడానికే ఇంకో 1 మిల్లీసెకను.

క్వాలిటీలో ఆ 18 కాస్తా 8 అవుతుంది, 4, 1 కలిపితే 13, అంటే 77 ఎఫ్‌పీఎస్. బ్యాలెన్స్‌డ్‌లో మొత్తం 11.3, అంటే 88. పెర్ఫార్మెన్స్‌లో 9.5, అంటే 105. మొదటి మెట్టులో 9 మిల్లీసెకన్లు మిగిలాయి, తర్వాతి రెండు మెట్లలోనూ ఒక్కోసారి రెండు కూడా మిగల్లేదు.

ఇప్పుడు మీ సీపీయూ ఒక ఫ్రేమ్ సిద్ధం చేయడానికి 12 మిల్లీసెకన్లు తీసుకుంటుందనుకోండి. అది 83 ఎఫ్‌పీఎస్ దగ్గర గోడ. క్వాలిటీలో 77 వస్తుంది, బ్యాలెన్స్‌డ్‌లో 83, పెర్ఫార్మెన్స్‌లోనూ 83. పెర్ఫార్మెన్స్‌కి దిగి మసక కొనుక్కున్నారు, చేతికి ఏమీ రాలేదు. ఇది జరుగుతోందని తెలుసుకోవడం తేలికే. స్క్రీన్ మీద జీపీయూ వాడకం చూపించే ఓవర్‌లే పెట్టుకోండి, ఎఫ్‌పీఎస్‌కి పరిమితి, వీసింక్ తీసేయండి, మోడ్ ఒక మెట్టు దించండి. ఎఫ్‌పీఎస్ పెరగకుండా జీపీయూ వాడకం 97 నుంచి 75కి పడిపోయిందంటే గోడ సీపీయూ వైపు ఉంది. వెనక్కి ఎక్కేయండి.

ఏ స్క్రీన్‌కి ఏ మోడ్

1080p వాళ్లకి నా మాట సూటిగా. క్వాలిటీ కింద అడుగు పెట్టకండి, క్వాలిటీ కూడా తప్పనప్పుడే. 720 లైన్లు అంటే అప్పటికే అంచున ఉన్నారు, బ్యాలెన్స్‌డ్‌లో 635 లైన్లతో చెట్లు పచ్చటి గంజిలా తయారవుతాయి. ఎక్స్‌ఈఎస్‌ఎస్‌లో అల్ట్రా క్వాలిటీ ప్లస్ అని ఒకటుంటుంది, ఒక్కో వైపు 77 శాతం, 1080pలో సుమారు 830 లైన్లు. ఎఫ్‌పీఎస్ కొంచెం పెరిగితే చాలు అనుకునేవాళ్లకి అది బాగుంటుంది. ఆర్‌టీఎక్స్ కార్డు లేక డీఎల్‌ఎస్‌ఎస్ వాడలేనివాళ్లు కూడా ఎక్స్‌ఈఎస్‌ఎస్ ఆన్ చేసుకోవచ్చు, కాకపోతే ఇంటెల్ ఆర్క్ కార్డుల మీద వచ్చేంత నాణ్యత రాదు. 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ అయితే పిక్సెళ్లు చిన్నవి కాబట్టి లోపాలు కొంత దాక్కుంటాయి, 24 అంగుళాల మానిటర్‌లో దాక్కోవు. మా వాడు ల్యాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐతో హాల్లో టీవీకి తగిలించి, దగ్గర కూర్చుని ఆడుతున్నాడని తర్వాత తెలిసింది. కళ్లద్దాల గొడవలో సగం అదే.

1440p వాళ్లే ఈ ఆటలో అదృష్టవంతులు. క్వాలిటీ డిఫాల్ట్‌గా పెట్టేసి మర్చిపోవచ్చు. బ్యాలెన్స్‌డ్‌కి దిగడం మీ దగ్గరున్న అప్‌స్కేలర్‌ని బట్టి ఉంటుంది. 2025 జనవరిలో వచ్చిన డీఎల్‌ఎస్‌ఎస్ 4 కొత్త మోడల్ గానీ, ఆర్‌ఎక్స్ 9000 కార్డుల మీద ఎఫ్‌ఎస్‌ఆర్ 4 గానీ ఉంటే దిగొచ్చు, అవి తీగల్నీ ఆకుల్నీ ఎఫ్‌ఎస్‌ఆర్ 2 కంటే చాలా మెరుగ్గా పట్టుకుంటాయి. పాత ఆర్‌టీఎక్స్ కార్డుల మీద ఆ కొత్త మోడల్ కాస్త ఎక్కువ టైమ్ తింటుంది, అది లెక్కలో పెట్టుకోండి. చేతిలో ఉన్నది ఎఫ్‌ఎస్‌ఆర్ 2 అయితే క్వాలిటీ దగ్గరే ఆగిపోండి.

కొత్త మానిటర్ కొనబోతూ "నా కార్డు 1440pని లాగదేమో" అని 1080p తీసుకునేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. 1080p పూర్తిగా గీస్తే 20.7 లక్షల పిక్సెళ్లు. 1440pలో క్వాలిటీ పెడితే 16.4 లక్షలు. అప్‌స్కేల్ ఖర్చూ, పూర్తి సైజులో జరిగే చివరి ఎఫెక్టుల ఖర్చూ కలిపినా రెండూ దగ్గరదగ్గరగా వస్తాయి, చూడ్డానికి మాత్రం 1440p వైపే బాగుంటుంది. ఒక్క చిక్కు, వీ-ర్యామ్, అంటే కార్డులో ఉండే మెమరీ. అప్‌స్కేలింగ్ టెక్స్‌చర్లను చిన్నవి చేయదు కాబట్టి అది ఆదా అయ్యేది కొంచెమే. 6 జీబీ కార్డు వాళ్లు ఇది ఆలోచించుకోవాలి.

4Kలో లెక్క తిరగబడుతుంది. అక్కడ పెర్ఫార్మెన్స్ అంటే లోపల నిండు 1080p, అది చులకనగా చూడాల్సిన మోడ్ కాదు. 55 అంగుళాల టీవీని ఎనిమిది అడుగుల దూరం నుంచి సోఫాలో కూర్చుని చూసేవాళ్లకి క్వాలిటీకీ పెర్ఫార్మెన్స్‌కీ తేడా వెతుక్కోవాలి. ఎఫ్‌పీఎస్ తేడా వెతకక్కర్లేదు, ఎందుకంటే క్వాలిటీలో గీసేది 36.9 లక్షలు, పెర్ఫార్మెన్స్‌లో 20.7. 32 అంగుళాల 4K మానిటర్ ముందు టేబుల్ దగ్గర కూర్చునేవాళ్లు బ్యాలెన్స్‌డ్‌తో మొదలుపెట్టి జాలీ కంచె పరీక్ష చేసుకోండి. అల్ట్రా పెర్ఫార్మెన్స్ 8K కోసం తెచ్చిన మోడ్, 4Kలో ఎలాగోలా నడుస్తుంది, దాని కింద స్క్రీన్‌లకి దాన్ని మెనూలో ఎందుకుంచారో నాకైతే అర్థం కాదు.

ఆన్‌లైన్ షూటర్లు ఆడేవాళ్ల దారి వేరు. అక్కడ దూరంగా కదిలే చిన్న తలే ముఖ్యం, పాత ఫ్రేమ్‌లు పోగేసే పద్ధతిలో సరిగ్గా అదే కాస్త మసకబారొచ్చు. ఆ గేములు సాధారణంగా సీపీయూ దగ్గరే ఆగుతాయి కాబట్టి అప్‌స్కేలింగ్‌తో వచ్చేదీ తక్కువే. మిగతా సెట్టింగులు తక్కువలో పెట్టి, రిజల్యూషన్ పూర్తిగా ఉంచి, ఇంకా చాలకపోతే స్లయిడర్ 90, 85 దాకా దించండి. కౌంటర్ స్ట్రైక్ 2లో ఉండే ఎఫ్‌ఎస్‌ఆర్ మొదటి రకానిది, క్వాలిటీ అని రాసుంది కదా అని పైన చెప్పిన క్వాలిటీతో పోల్చుకోకండి.

మా తమ్ముడు చివరికి టీవీ కేబుల్ పీకేసి, నీడలు హై నుంచి మీడియంకి దించి, ఎక్స్‌ఈఎస్‌ఎస్ అల్ట్రా క్వాలిటీ ప్లస్‌లో పెట్టుకున్నాడు. ఎఫ్‌పీఎస్ 58 దగ్గర ఉందట. 60కి తక్కువైన ఆ రెండు కూడా రావాలంట వాడికి, నిన్న మళ్లీ ఫోన్ చేశాడు.